అద్దంలో అన్న

ముత్యాలపేటలోని మణికంఠ స్టూడియోకు ఉన్న ఆస్తి రెండే రెండు. నటేశన్ కన్ను, అతని చెల్లెలు భువనేశ్వరి చెయ్యి. కన్ను తీసిన ఫోటోను చెయ్యి దిద్దుతుంది. మిగతావన్నీ, అంటే లైట్లూ, గొడుగులూ, పెళ్ళివాళ్ళు కూర్చునే ఎర్ర సోఫా, గోడ మీద అయ్యప్ప పటం, ఇవన్నీ వాళ్ళ నాయన వదిలిపోయిన సామాను. వాటిని చూసి ఎవరూ స్టూడియో మెట్లెక్కరు. నటేశన్ కన్ను చూసి ఎక్కుతారు.

భువనేశ్వరి పుట్టింది ఆ స్టూడియో వెనక గదిలోనే. పలక పట్టాల్సిన వయసులో పెన్సిలు పట్టి, నెగటివ్ మీద పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఉన్నది తమిళ ఊరు కాబట్టి చదువుకున్నది తమిళం, ఇప్పుడు కంప్యూటర్లో మీటలు నొక్కేది ఇంగ్లీషు. భర్త సేదరపేట్ ఫ్యాక్టరీకి షిఫ్టులకు వెళ్తాడు. ఆమె వంట ముగించుకుని పొద్దున్నే స్టూడియోకు వచ్చేస్తుంది. నోరు మాత్రం కొంచెం పెద్దదే. ఆ నోటికి ఎక్కువగా బలయ్యేది అన్న. అన్న పెళ్ళి చేసుకోలేదు, స్టూడియో మీదున్న గదిలోనే మకాం. ఇక తిట్టడానికి ఆమె కాక ఇంకెవరున్నారు పాపం.

నటేశన్‌కు పేరు తెచ్చింది పెళ్ళిళ్ళు కాదు, షాపుల అద్దాలు. బొమ్మలకు పట్టుచీరలు కట్టి అద్దం వెనక నిలబెడతారు కదా, వాటిని ఫోటో తీయడం చూసినంత సులువు కాదు. అద్దానికి ఎదురుగా నిలబడి తీస్తే చీరతోపాటు తీసేవాడూ పడతాడు. అతని చొక్కా, అతని బొజ్జ, అతని వెనక పోయే ఆటో, అన్నీ చీర మీదకెక్కి కూర్చుంటాయి. లెన్సుకు తొడిగే ఫిల్టరొకటి ఉంది గానీ అది పక్కకు జరిగి ఏటవాలుగా తీసేటప్పుడే పనిచేస్తుంది, నేరుగా ఎదురుగా నిలబడితే దండగ. అందుకే నటేశన్‌కు తనదైన పద్ధతి ఉండేది. శబరిమల పోయొచ్చిన పాత నల్ల పంచెకు నడుమ గుండ్రంగా చిల్లు పెట్టి, రెండు స్టాండ్లకు కట్టి, ఆ చిల్లులోంచి లెన్సు బయటపెట్టేవాడు. నల్లటి గుడ్డకు అద్దంలో నీడ పడదు, కాబట్టి దాని వెనక ఉన్న మనిషీ పడడు. పొద్దు వాలి, షాపులో దీపాలు వెలిగి, లోపలి వెలుతురు వీధి వెలుతురుకన్నా ఎక్కువైన వేళ చూసి తీసేవాడు. అప్పటికీ నమ్మకం చాలక, పక్కకు జరిగి ఇంకొకటి తీసేవాడు. మొదటిదాంట్లో ఏదైనా నీడ పడ్డా, రెండోదాంట్లో ఆ చోటు శుభ్రంగా ఉంటుంది. రెండూ కలిపి భువనేశ్వరి ఒక్కటిగా అతుకుతుంది.

అంత జాగ్రత్తగల మనిషి ఈ మధ్య సోమరిపోతై కూర్చున్నాడు. గుడ్డ కట్టడు. సాయంకాలం పోడు, మిట్టమధ్యాహ్నం పోతాడు. పక్కకు జరిగి రెండోది తీయడు. ప్రతి ఫోటోలోనూ తనే! భువనేశ్వరి అతన్ని చెరిపి చెరిపి విసిగిపోయింది. "నీ బొజ్జను చెరిపేదానికే నాకు పొద్దు చాలడంలే అన్నా" అని దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఎండాకాలం చిత్తిరై నెలలో అతని నవ్వు బాగానే ఉండేది. మూడు నెలలు గడిచి ఆడి నెలకు, తెలుగువాళ్ళ ఆషాఢానికి, వచ్చేసరికి ఆ నవ్వు కూడా ఎండిపోయింది.

ఆడి తగ్గింపు అమ్మకాలకు నెహ్రూ వీధి కిటకిటలాడుతున్న రోజులవి. కనకం సిల్క్స్ యజమాని సుబ్బరాయలు అద్దాన్ని కొత్తగా అలంకరించి, పెద్ద హోర్డింగుకు ఫోటో కావాలన్నాడు. ఏళ్ళ తరబడి ఆ షాపు పని వీళ్ళదే, ఆ పనితోనే స్టూడియో తలుపులు తెరుచుకుని ఉన్నాయి. కిందటిసారి ఇచ్చిన ఫోటోలో బొమ్మ భుజం దగ్గర మనిషి నీడ మిగిలిపోయిందని ఆయన అప్పుడే ముఖం ముడుచుకున్నాడు. "ఈసారి నీ అన్న బొమ్మ నా చీరలో కనిపిస్తే, నేను వేరే మనిషిని చూసుకుంటానమ్మా. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. మర్నాడు పొద్దున ఫోటో అచ్చుకు పోవాలి.

ఆ మధ్యాహ్నం నటేశన్ తెచ్చిన మెమరీ కార్డును కంప్యూటర్లో పెట్టి చూడగానే భువనేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. అరిటాకు పచ్చ పట్టుచీర, దాని పైటకొంగు మీద పెద్ద నెమలి. నెమలి మీద తెల్లచొక్కాతో నటేశన్. అతని వెనక ఎదుటి మేడ సున్నపు గోడ ఎండకు ధగధగలాడుతోంది.

"ఏంది అన్నా ఇది? నెమలి యాడ ఉండాది? నీ చొక్కానే ఉండాదే!"

"తీసెయ్. నీకు తెలీనిదా" అన్నాడు నటేశన్, ఎర్ర సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకుని.

"లేతగా పడుంటే తీస్తా. ఇది సున్నం కొట్టినట్టు పడుండాది. దీని కింద ఏమీ మిగల్లే. గుడ్డ ఎందుకు కట్టలే?"

"గాలి జాస్తిగా ఉండింది."

"పక్కన జరిగి ఇంకొకటి ఎందుకు తీయలే?"

"మరిచిపోయినా."

"సాయంకాలం పోవాల్సినోడివి మిట్టమధ్యాహ్నం ఎందుకు పోయినావు? రేపు పొద్దున్నే సుబ్బరాయలు మామ అడిగితే నేనేమి చెప్పేది? మా అన్నకు ఒళ్ళు వంగడం లేదని చెప్పేదా?"

నటేశన్ కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చూశాడు గానీ ఆ చూపు ఆమె చెవి పక్కగా పోయింది. "ఆపు భువనా. మళ్ళీ పోయి తీసుకొస్తా. దానికి ఇంత రచ్చ ఎందుకు?" అని కెమెరా సంచి భుజాన వేసుకుని, నల్ల పంచె చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. ఆమె కోపంలో ఉంది, ఆ చెయ్యిని చూసింది గానీ పట్టించుకోలేదు. కింద స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినబడింది.

అతన్ని నమ్ముకుని కూర్చుంటే కాదని ఆమె పనికి దిగింది. అద్దంలో పడ్డ నీడ చీర మీద పరిచిన వెలుతురు పొర లాంటిది. పలచగా ఉన్నచోట దాన్ని ముదురు చేసి, రంగు నిలబెట్టి, నీడ అంచులు చెరిపితే కింది నేత మెల్లగా పైకొస్తుంది. ప్యాంటు పడ్డ చోట అలాగే వచ్చింది. చేతుల దగ్గరా వచ్చింది. చొక్కా దగ్గరే చిక్కు. అక్కడ వెలుతురు పూర్తిగా తెల్లబడిపోయి, తవ్వి తీయడానికి కింద ఏమీ లేదు. అంచు నేతయితే ఒకే పూవు మళ్ళీ మళ్ళీ వస్తుంది కనుక పక్కనుంచి తెచ్చి అతకవచ్చు. నెమలి ఒక్కటే, దాన్ని ఎక్కడినుంచి తెస్తుంది? సాఫ్ట్‌వేరును తనంతట తానే నింపమంది. అది మెడ మెలితిరిగిన బాతునొకదాన్ని గీసి ఇచ్చింది. సుబ్బరాయలు దాన్ని చూస్తే ఆ షాపు గడప మళ్ళీ తొక్కనివ్వడు.

చొక్కాను వదిలి, ఆమె తలను పెద్దది చేసింది. కెమెరా వెనక అన్న ముఖం. ముఖం చాలావరకు కెమెరా చాటునే ఉంది, ఒక పక్క చెంప, చెవి మాత్రం బయటకు కనిపిస్తున్నాయి. ముందు పుట్టుమచ్చను చెరుపుదామని అలవాటుగా బాణం గుర్తును అక్కడికి తీసుకెళ్ళింది. అన్న ఎడమ చెంప మీద, చెవికి దగ్గరగా, మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. ఎప్పుడైనా పాత ఫోటోల్లో అతను అద్దంలో పడితే ఆ మచ్చే ముందు దొరికేది. దాన్ని చెరిపాకే మిగతా మనిషిని చెరిపేది. నీ దిష్టిచుక్క నాకు గుర్తు అన్నా అని ఆటపట్టించేది. ఈ మధ్య మాత్రం విసుగులో ముఖం చూడకుండానే మనిషిని మొత్తంగా చెరిపేస్తూ వచ్చింది.

మచ్చ లేదు.

చెంప శుభ్రంగా ఉంది. ఆమె ఇంకా పెద్దది చేసింది. బయటికి కనిపిస్తున్నది ఎడమ చెంప కాదు, కుడి చెంప. అంటే కెమెరా ఎడమ కన్ను ముందుంది. వాళ్ళన్న చిన్నప్పటినుంచి ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసే మనిషి. నాయన నేర్పింది అలాగే. ఎడమ కంటితో ఒక్కసారి కూడా చూడగా ఆమె ఎరుగదు.

ఆమె ఆ ఫోటోను పక్కకు జరిపింది. పాత పనుల అసలు ఫోటోలు తెరిచింది. కిందటి ఏడాది కళ్ళజోళ్ళ షాపు ఫోటోలో మూలన అన్న ఉన్నాడు, మచ్చ ఉంది. పొంగల్‌కు తీసిన పాత్రల షాపులోనూ మచ్చ ఉంది. చిత్తిరైలో తీసిన బేకరీ అద్దంలో మచ్చ లేదు, ఆ తర్వాత ఎక్కడా లేదు. సరిగ్గా ఆ బేకరీ నుంచే గుడ్డ లేదు, సాయంకాలం లేదు, రెండో ఫోటో లేదు. ఒక్కొక్కటే ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాయి. గుడ్డ కట్టలేదంటే క్లిప్పులు కనబడకనేమో. సాయంకాలం పోలేదంటే మసక వెలుతురులో దారి తెలియకనేమో. పక్కకు జరగలేదంటే, అద్దంలో తనున్నట్టే అతనికి తెలియకనేమో. చక్కెర జబ్బు నాయనకూ ఉండేది. అన్నకూ ఉంది, మాత్రలు వేసుకున్నావా అంటే ఆ వేసుకున్నా అంటాడు. అన్న తన కన్ను పోతోందని నోటితో చెప్పకపోయినా ప్రతి ఫోటోలోనూ నిలబడి చెబుతూనే ఉన్నాడు, ఆమె తిట్టుకుంటూ చెరిపేస్తూ వచ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది ఆమెకు.

అంతలో స్కూటర్ చప్పుడు గుర్తొచ్చింది. ఆడి జనం మధ్య, ఆ కళ్ళతో, స్కూటర్ మీద!

ఫోన్ చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. తలుపు తాళమైనా వేయకుండా వీధిలోకి పరుగెత్తి ఆటో ఎక్కింది. గాంధీ వీధి మలుపులో జనం గుమికూడి ఉంటే ఆటోలోంచి సగం బయటికి వంగింది. చూస్తే అది చెరుకురసం బండి. "తొందరగా పో అణ్ణా, తొందరగా పో" అని ఆటో అతన్ని ఊదరగొట్టింది. "జనం మీదెక్కించి పోయేదా అమ్మా?" అన్నాడతను. ప్రతి స్కూటర్‌నూ మెడ సాచి చూసింది. ఏదీ అన్నది కాదు.

నెహ్రూ వీధి మొదట్లోనే అన్న స్కూటర్ ఒక గోడకు ఆనించి ఉంది. అద్దం విరిగి వేలాడుతోంది. దాని పక్కన మనిషి లేడు. ఆమె డబ్బులు ఆటో అతని చేతిలో కుక్కి, జనాన్ని తోసుకుంటూ నడిచింది.

నటేశన్ కనకం సిల్క్స్ ఎదుట ఉన్నాడు. మోచేయి గీరుకుపోయి రక్తం కారి ఆరింది. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, వంగి ఎడమ కంటితో చూస్తున్నాడు. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు, షాపు దీపాలు వెలగలేదు. అద్దమంతా వీధే ఉంది. బస్సు, బుట్టలవాడు, జనం, నడుమ నటేశన్. నల్ల పంచె ఒక కొస ముడి ఊడి గాలికి కింద పడి, అతని కాళ్ళ దగ్గర మట్టిలో పొర్లుతోంది. అతను మాత్రం దాని వెనకే ఉన్నానని నమ్మినవాడిలా నింపాదిగా ఉన్నాడు.

భువనేశ్వరికి కేకేయాలనిపించింది. కేకేయలేదు. మెల్లగా పోయి అతని పక్కన నిలబడింది. అద్దంలో ఇద్దరూ కనిపిస్తున్నారు, మచ్చలేని చెంపతో అన్న, జుట్టు చెదిరిన తను. ఆమె కుడిచెయ్యి పైకెత్తింది, బడిలో హాజరు చెప్పే పిల్లలాగా.

"అన్నా."

"వచ్చేసినావా? చూడు, ఈసారి గుడ్డ కట్టినా. తృప్తేనా?"

"అద్దం ఎట్లా ఉండాది?"

"తేటగా ఉండాది."

"ఎవురన్నా కనిపిస్తా ఉండారా?"

"ఎవురూ లేరు భువనా. చీర ఒకటే."

ఎత్తిన చెయ్యి ఆమె దించలేకపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి, అద్దంలో అన్న ఆమెకూ కనబడకుండా పోయాడు.

"గుడ్డ కింద పడుండాది అన్నా" అంది. "నువ్వు అద్దంలో నిలబడుండావు. నేనూ ఉండాను. చెయ్యెత్తి ఉండాను."

నటేశన్ కెమెరా నుంచి ముఖం తీయలేదు. అలాగే వంగి చెయ్యి చాచి తడిమాడు, గుడ్డ ఉండాల్సిన చోట గాలి తగిలింది.

"ఎప్పటినుంచి?" అంది ఆమె.

"కుడిదాంట్లో ముందు నల్లదారాలు ఈదినట్టు వచ్చె. తర్వాత పొగ. ఇప్పుడు వెలుతురొకటే తెలుస్తాది." అతను కుడి కన్ను మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "ఎడమదానితో సర్దుకుంటా ఉంటి. దానికీ నడిమధ్యన మసక పడింది. లేత నీడలు తెలీదు. మెట్లు తెలీదు."

"నాకెందుకు చెప్పలే?"

"కన్ను లేని ఫోటోగ్రాఫర్‌ను ఎవురు పిలుస్తారు? నువ్వు యాడికి పోతావు? నీ పని కూడా నా కన్నుతోనే గదా ఉండాది."

"ఎడమదన్నా మిగిలుండేటప్పుడే ఆసుపత్రికి పోదాం రా."

"ఈ ఫోటో ఇచ్చేసి పోదాం. మామకు మాత్రం చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

అప్పుడే సుబ్బరాయలు గల్లా వదిలి గుమ్మంలోకి వచ్చాడు. గీరుకుపోయిన మోచేయిని, నేలమీది గుడ్డను, ఎర్రబడ్డ ఆమె కళ్ళను చూశాడు. "ఏమమ్మా, మళ్ళీ ఏంది తకరారు? పొద్దున ఫోటో ఉంటుందా, ఉండదా?"

నటేశన్ వేళ్ళు ఆమె మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. చెప్పకపోతే ఇవాళ్టికి గడుస్తుంది. రేపు ఇంకో పని వస్తుంది, ఎల్లుండి ఇంకొకటి వస్తుంది, ఆసుపత్రి వచ్చే వారానికి జరుగుతుంది. ఆ లోపల ఎడమ కన్ను కూడా పోతుంది. ఆమెకు అది స్పష్టంగా తెలుసు.

"అన్నకు కళ్ళు సరిలేవు మామా" అంది. "అందుకే నీ చీరల్లో పడతా వచ్చె. రేపు ఆసుపత్రికి తీసుకపోతా ఉండాను. ఫోటో ఇప్పుడు నేను తీస్తా."

నటేశన్ చెయ్యి జారిపోయింది. సుబ్బరాయలు దిక్కుతోచనట్టు ఇద్దరినీ చూశాడు. చెడ్డమనిషి కాదు, వ్యాపారి. "నువ్వెప్పుడన్నా తీసుండావా?" అన్నాడు.

"లే. చెరిపినా. అద్దంలో ఏది పడితే కష్టమో నాకు తెలుసు."

"సరి. చూస్తాను. బాగలేకపోతే వేరేవాళ్ళే."

నటేశన్ షాపు అరుగు మీద కూలబడ్డాడు. చెల్లెలి వైపు ముఖం తిప్పలేదు. ఆమె గుడ్డను దులిపి, రెండు స్టాండ్లకూ ముళ్ళు బిగించి, చిల్లులోంచి లెన్సు బయటపెట్టింది. పొద్దు వాలేదాకా నిలబడింది. షాపు దీపాలు వెలిగాయి. ఎదుటి సున్నపు గోడ చీకటిలోకి జారింది. అద్దంలోని బస్సులూ మనుషులూ ఒక్కొక్కరే సన్నగిలి, అరిటాకు పచ్చ చీర వెలుతురులో పైకి తేలింది. తీరా ఏ మీట నొక్కాలో మరచిపోయింది.

"కెమెరాను ముట్టొద్దు" అన్నాడు నటేశన్ అరుగు మీంచి, ముఖం ఇంకా అటే పెట్టుకుని. "ముట్టితే కదులుతాది. టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్."

అలాగే చేసింది. తర్వాత అంతా జరిపి పక్కనుంచి ఇంకొకటి తీసింది. వెనక తెరమీద పెద్దది చేసి చూసింది. నెమలి పింఛంలో ప్రతి పోగూ ఉంది, మనిషి లేడు. సుబ్బరాయలు కూడా వంగి చూసి, తల ఊపి లోపలికి పోయి, అన్న మోచేతికి కట్టమని తడిగుడ్డ పంపించాడు.

స్కూటర్‌ను భువనేశ్వరే తోసుకుంటూ పోయింది. నటేశన్ ఆమె భుజం పట్టుకుని నడిచాడు.

మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ రెండు కళ్ళల్లోనూ చుక్కలు వేసి, చాలాసేపు లోపలికి చూసింది. కుడి కన్నులో రక్తం కారి గడ్డకట్టిందని, ఆపరేషన్ చేసి చూడవచ్చు గానీ మాట ఇవ్వలేనని చెప్పింది. ఎడమ కన్నులో నడిమి పొర వాచింది, వెంటనే సూదులు మొదలుపెడితే నిలబడుతుంది. ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చివుంటే ఆ మాట కూడా చెప్పేదాన్ని కాదంది. నటేశన్ తల వంచుకుని విన్నాడు. కంట్లో సూది అనగానే చిన్నపిల్లవాడిలా చెల్లెలి కొంగు పట్టుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిట్టని చెల్లెల్ని చూసి అతనికి మరింత భయం వేసింది.

నెలలు గడిచాయి. సూదులు, లేజరు, పథ్యం, పొద్దున్నే సముద్రపు ఒడ్డున నడక. కుడి కన్ను తిరిగి రాలేదు. స్టూడియోకు పెళ్ళిపనులు తగ్గాయి, కొందరు మాట తెలిసి పిలవడం మానేశారు, అందులో దాపరికం లేదు. సుబ్బరాయలు మాత్రం దీపావళికి కబురు పెట్టాడు.

కనకం సిల్క్స్ ముందు భువనేశ్వరి స్టాండ్లు నిలబెట్టింది. నటేశన్ పక్కనే ఉండి ఏ లెన్సు పెట్టాలో చెబుతున్నాడు. గుడ్డ ఇంకా కట్టలేదు. పొద్దు ఇంకా వాలలేదు. అద్దం నిండా వీధి ఉంది. ఎడమ కన్ను ఎంత తేటపడిందని ఆమె ఎన్నిసార్లడిగినా అన్న "పరవాలే" అనేవాడు. ఆ పరవాలేకు ఆమె ఒకసారి మోసపోయింది. అందుకే ఈసారి అడగలేదు. అతను అద్దం వైపు తిరిగి ఉన్నప్పుడు, అతని వెనకగా పోయి చప్పుడు చేయకుండా నిలబడి కుడిచెయ్యి పైకెత్తింది.

నటేశన్ అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. కొత్త చీరలు, బొమ్మలు, వాటిమీద పలచగా పోతున్న జనం. ఆమె చెయ్యి బరువెక్కింది, అయినా దించలేదు.

"చెయ్యి దించు భువనా" అన్నాడు నటేశన్. "షాపోళ్ళు చూస్తా ఉండారు."